తెగిన ఇయర్‌ఫోన్ వైరుకి సోల్డర్ ఎందుకు అంటుకోదు, ఎలా అంటించాలి

మా తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు, రోజుకి ఆరేడు గంటలు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లాసులు వింటాడు. ఒకరోజు కుర్చీ చక్రం వైరు మీదుగా వెళ్లింది. పైన రబ్బరు ఎక్కడా తెగలేదు, కానీ కుడి చెవిలో సౌండు పోయింది, వైరుని ఒక పక్కకి వంచి పట్టుకుంటే వస్తుంది, వదిలితే పోతుంది. వాడే బ్లేడుతో కోసి, లోపలి తీగలు మెలేసి, టేపు చుట్టాడు. ఇప్పుడు రెండు చెవులూ పోయాయి. "అన్నా, కలిపాక ఉన్నది కూడా పోయిందేంటి?" అని తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు.

మీరూ ఇలా చేసి ఉంటే, లేదా సోల్డరింగ్ ఐరన్ పెట్టినా సోల్డర్ తీగకి అంటకుండా గోళీలా జారిపోతుంటే, తప్పు మీ చేతిది కాదు. ఇంట్లో మామూలు కరెంటు వైరుకీ ఇయర్‌ఫోన్ వైరుకీ ఒక పెద్ద తేడా ఉంది. కరెంటు వైరు ప్లాస్టిక్ తీస్తే లోపల ఉండేది ఉత్త రాగి. ఇయర్‌ఫోన్‌లో మాత్రం వెంట్రుక కంటే సన్నటి రాగి పోగులు ఉంటాయి, వాటిలో ఒక్కో పోగు చుట్టూ ఎనామిల్ పూత ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మీకు కనిపించే రంగు ఆ పూతే. రంగు లేకుండా రాగిలా మెరుస్తున్న తీగకి కూడా చాలా ఇయర్‌ఫోన్లలో పారదర్శకమైన పూత ఉంటుంది, అందుకే దాన్ని చూసి ఉత్త రాగి అనుకుని మోసపోతాం. ఈ పూత కరెంటుని దాటనివ్వదు. అలా దాటనివ్వదు కాబట్టే నాలుగు తీగలనీ విడివిడిగా ప్లాస్టిక్ తొడగకుండా ఒకే సన్నటి రబ్బరులో ఇరికించగలిగారు. మా తమ్ముడు మెలేసింది రాగిని రాగితో కాదు, పెయింటుని పెయింటుతో.

పని మొత్తంలో కష్టమైనది ఈ పూత తీయడం ఒక్కటే.

ముందు ఎక్కడ తెగిందో తేల్చుకోండి

పాట పెట్టి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, జాక్ దగ్గర మొదలుపెట్టి రెండు వేళ్లతో వైరుని రెండు మూడు సెంటీమీటర్లకొకసారి కొద్దిగా వంచి, కొద్దిగా లోపలికి నొక్కుతూ పైకి రండి. ఎక్కడ వంచితే సౌండు వచ్చి పోతుందో తెగింది అక్కడే. ఎక్కువసార్లు జాక్ మొదట్లో తెగుతుంది, తర్వాత వైరు రెండుగా చీలే చోట, లేదా బడ్‌లోకి వెళ్లే చోట. జాక్‌కి ఆనుకునే తెగితే వైరు అతికించడం కుదరదు, కొత్త జాక్ వేయాలి, అది వేరే పని. తెగిన చోటుకి రెండు పక్కలా కనీసం మూడు సెంటీమీటర్లు మంచి వైరు ఉంటేనే ఇక్కడ చెప్పేది కుదురుతుంది.

మల్టీమీటర్ ఉంటే 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి జాక్ మీద చూడండి. మైకు ఉన్న జాక్‌లో నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. ఇప్పటి ఫోన్లకి వచ్చేవాటిలో కొన ఎడమ చెవి, తర్వాతి రింగు కుడి చెవి, ఆ తర్వాతి రింగు అన్నిటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండు, చివరి భాగం మైకు. పాత ఇయర్‌ఫోన్లు కొన్నిటిలో గ్రౌండూ మైకూ తారుమారుగా ఉంటాయి. కొనకీ గ్రౌండుకీ మధ్య 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ అయితే సుమారు 16, 17 చూపిస్తుంది, 32 ఓమ్‌లది అయితే ముప్పై దాటి చూపిస్తుంది. పైగా ప్రోబ్ తగిలినప్పుడల్లా బడ్‌లో టక్‌మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. బీప్ మోడ్‌ని మాత్రం నమ్మకండి. చాలా మీటర్లు ముప్పై, యాభై ఓమ్‌ల లోపు ఏం తగిలినా బీప్ కొడతాయి, అంటే ఇయర్‌ఫోన్ బాగున్నా బీప్ వస్తుంది, రెండు తీగలు షార్ట్ అయినా బీప్ వస్తుంది. చప్పుడు కాదు, అంకె చూడాలి.

మా వాడి వైరు తెగింది జాక్‌కి ఒక జానెడు పైన, చీలే చోటుకి కింద. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ కాబట్టి ఆ ముక్కలో నాలుగు తీగలు: ఎరుపు, ఆకుపచ్చ, రాగి రంగు, ఇంకా ఎరుపూ రాగీ కలిసిన చారల తీగ. మామూలుగా ఎరుపు కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగి రంగు గ్రౌండు. మైకు తీగ రంగు కంపెనీని బట్టి మారుతుంది. అయినా ఒకే వైరు రెండు ముక్కలని కలుపుతున్నంత సేపూ ఏది ఎవరిదని కంగారు అక్కర్లేదు, ఏ రంగుకి ఆ రంగు కలిపితే చాలు. వేరే ఇయర్‌ఫోన్ నుంచి ముక్క కోసి తెచ్చి కలిపేటప్పుడే రంగుల్ని నమ్మకుండా మీటర్‌తో చూసుకోవాలి.

ఏ ఐరన్, ఏ సోల్డర్, ఏ ఫ్లక్స్

ఐరన్ 25 వాట్లది, పెన్సిల్‌లా సన్నగా ఉండేది సరిపోతుంది. 60 వాట్లది, 100 వాట్లది ఇంట్లో ఉంది కదా అని వాడకండి, ఉష్ణోగ్రత సరిచేసుకునే నాబ్ ఉంటే తప్ప. అవి లావు తీగలకీ రేకులకీ. ఇంత సన్నటి పోగుల మీద పెడితే, సోల్డర్ పట్టడానికి పూసే ఫ్లక్స్ క్షణంలో మాడిపోతుంది, రబ్బరు కరిగి వెనక్కి పోతుంది, ఇంకా లోపలికి ఎనామిల్ కాలి పక్క తీగలతో షార్ట్ అవుతుంది. అలాగని వేడి మరీ తక్కువైనా పనికిరాదు. ఎనామిల్ కాలాలంటే మొన దాదాపు 360 నుంచి 390 డిగ్రీల మధ్య ఉండాలి. నాబ్ ఉన్న ఐరన్ అయితే పూత తీసేటప్పుడు 380, తర్వాత అతికేటప్పుడు 340 పెట్టుకోండి. నాబ్ లేని 25 వాట్లది అయితే ఐదారు నిమిషాలు పూర్తిగా వేడెక్కనిచ్చి మొదలుపెట్టండి, అంతే.

మొన విషయంలో అందరూ చేసే పొరపాటు సన్న పనికి సూదిలాంటి మొన తీసుకోవడం. సూది మొన మీద కరిగిన సోల్డర్ నిలవదు, మనకేమో మొన మీద చిన్న బొట్టు నిలబడాలి, ఎందుకో కింద చెప్తాను. ఉలిలా పలకగా ఉండే 2 మి.మీ. మొన మంచిది. మొన నల్లబడితే తడి స్పాంజి మీదో, గిన్నెలు తోమే ఇత్తడి పీచు మీదో రుద్ది వెంటనే సోల్డర్ పూయాలి. వెండి రంగు పూత ఉన్న మొనని ఆకురాయితో అరగదీయకండి, ఆ పై పొర పోతే లోపలి రాగి కొద్దిరోజుల్లోనే సోల్డర్‌లో కరిగి గుంట పడుతుంది. పూత లేని పాత రకం రాగి మొన అయితే అరగదీయొచ్చు, దాన్ని అలానే వాడతారు.

సోల్డర్‌ని షాపుల్లో సోల్డరింగ్ లెడ్ అనో, ఉత్త లెడ్ అనో అడగొచ్చు. చుట్ట మీద 60/40 లేదా 63/37 అని ఉండాలి. మొదటి అంకె తగరం శాతం, రెండోది సీసం. 63/37 సరిగ్గా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 గట్టిపడేముందు కొద్దిసేపు ముద్దగా ఉంటుంది, ఆ సమయంలో చెయ్యి కదిలితే అతుకు లోపల పగుళ్లు వస్తాయి. ఇంత సన్న తీగలు పట్టుకుంటే చెయ్యి కదలక మానదు కాబట్టి దొరికితే 63/37 తీసుకోండి. మందం 0.6 నుంచి 0.8 మి.మీ., మధ్యలో రోజిన్ ఉన్నది. సీసం లేని రకం 217 డిగ్రీల పైన కరుగుతుంది, దానితోనూ పని అవుతుంది గానీ మొదటిసారి చేసేవాళ్లకి చిరాకు. ఏ అంకెలూ లేని చవక చుట్టల్లో కొన్ని త్వరగా కరగవు, మెరవవు, సీసం ఎక్కువ కలిపితే అలాగే ఉంటుంది.

ఇక ఫ్లక్స్. ఊళ్లో గిన్నెలకి కళాయి పోసేవాళ్లని చూసి ఉంటారు. గిన్నెని బాగా వేడి చేసి, నవసారం చల్లి, గుడ్డతో రుద్ది, అప్పుడు తగరం పూస్తారు. నవసారం లేకపోతే తగరం రాగికి పట్టదు. ఇక్కడ మన పనీ అదే, పోగులకి కళాయి వేయడం, ఫ్లక్స్ నవసారం చేసే పని చేస్తుంది, రాగి మీద గాలికి పట్టిన పొరని కరిగించి తీసేస్తుంది. కానీ నవసారంలాంటి యాసిడ్ రకాలు ఇక్కడ వాడకూడదు. గిన్నెని తర్వాత కడిగేస్తాం, ఇయర్‌ఫోన్ వైరుని కడగలేం, మిగిలిపోయిన ఫ్లక్స్ చెమటకి తడిసి ఆ సన్న పోగుల్ని తినేస్తుంది. నెల తర్వాత విప్పి చూస్తే ఆకుపచ్చగా చిలుము పట్టి పొడిలా రాలుతుంది. రేకుల పనికి, పైపుల పనికి అని అమ్మే ఫ్లక్స్ తీసుకోకండి. ఎలక్ట్రానిక్స్‌కి వాడే రోజిన్ ఫ్లక్స్ అని అడగండి. చిన్న డబ్బాలో ముద్దగా దొరుకుతుంది, ఒక్క డబ్బా ఏళ్ల తరబడి వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠీ గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్తే ఇవన్నీ, స్లీవులతో సహా, ఒక్క చోటే అయిపోతాయి.

ఇంకో మాట. ఫ్లక్స్ ఎనామిల్‌ని తీయదు. దాన్ని వేడి కాల్చాలి, ఫ్లక్స్ ఆ తర్వాత రాగిని శుభ్రం చేస్తుంది. డబ్బాలో సగం ఫ్లక్స్ పూసినా అంటట్లేదు అనేవాళ్లు వేడి చాలక ఆగిపోయినవాళ్లే.

మధ్యలో ముక్క వేయాల్సి వస్తే

వైరు నలిగిన చోటు పెద్దదైతే కోసి పారేయండి, రెండు మూడు సెంటీమీటర్లు పొట్టయితే ఎవరికీ తెలియదు. మరీ ఎక్కువ పోతేనే మధ్యలో వేరే వైరు వేయాలి. అప్పుడు అన్నిటికంటే మంచిది ఇంకో పాడైన ఇయర్‌ఫోన్ వైరే. అది వంగుతుంది, మందం కూడా కలుస్తుంది. ల్యాన్ కేబుల్ లోపలి తీగ, పాత ల్యాండ్‌లైన్ తీగ ఇంట్లో దొరికితే చెయ్యి అటే పోతుంది, వద్దు. అవి చాలావరకు ఒంటి తీగవి, జేబులో పెట్టి తీసి పదిరోజులు వాడేసరికి విరుగుతాయి. ఎన్నో సన్న పోగులున్న తీగే కావాలి. సౌండు బాగుండాలని లావు తీగ వెతకడం కూడా దండగ, ఇంత పొడవులో వైరు నిరోధం ఒక ఓమ్ అటూ ఇటూ మాత్రమే, లావు ముక్క వేస్తే వైరు ఆ అంచు దగ్గరే విరుగుతుంది.

పని మొదలు

ఐరన్ ప్లగ్ పెట్టేముందే స్లీవులు ఎక్కించండి. హీట్ ష్రింక్ స్లీవులంటే వేడికి బిగుసుకునే గొట్టాలు. అన్నీ అతికించాక పక్కన పడి ఉన్న స్లీవుని చూసి నాలుక కరుచుకోవడం నాకు మూడుసార్లు జరిగింది, మళ్లీ ఊడదీయడం తప్ప దారి లేదు. పై రబ్బరు మీదుగా 3 మి.మీ. స్లీవు, ఐదు సెంటీమీటర్ల ముక్క, ఒక పక్క వైరుకి ఎక్కించి దూరంగా జరిపేయండి. లోపలి తీగలకి 1 మి.మీ. స్లీవు, సుమారు 12 మి.మీ. ముక్కలు నాలుగు, ఇవి తీగలు బయటికి తీశాక ఎక్కించాలి.

రెండు ముక్కల చివర పై రబ్బరుని మూడు సెంటీమీటర్లు తీయండి. బ్లేడుతో నరికినట్టు కోస్తే లోపలి పోగులు సగం తెగుతాయి, అవి తెగినట్టు మీకు తెలియదు కూడా. వైరుని బ్లేడు కింద ఒక చుట్టు దొర్లించి పైపైన గీత పెట్టి, ఆ గీత దగ్గర వైరుని వంచితే రబ్బరు విడిపోతుంది, లాగితే తొడుగులా వస్తుంది. మూడు సెంటీమీటర్లు ఒకేసారి రాకపోతే సెంటీమీటరు చొప్పున తీయండి.

లోపల తీగలతో పాటు తెల్లటి దారపు పోగులు కనిపిస్తాయి. బలం కోసం పెట్టిన నైలాన్ లాంటి దారాలవి. విడిగా ఒక కట్టగా ఉంటే కోయకండి, చివర్లో వాటితో పనుంది. రాగి పోగుల మధ్యలో కలిసిపోయి ఉంటే మాత్రం సోల్డర్ పట్టాల్సిన చివరి ఐదు మిల్లీమీటర్ల వరకు ఏరి కత్తిరించాలి. లేకపోతే కరిగి నల్లటి జిగురులా సోల్డర్‌లో కలుస్తుంది.

ఇప్పుడు తీగల్ని మెట్లుగా కత్తిరించండి. నాలుగు అతుకులూ ఒకే చోట వస్తే అక్కడ ఉండలా అవుతుంది, ఒకదానికొకటి తగిలి షార్ట్ అవుతుంది. మా వాడి వైరుకి నేను పెట్టిన కొలతలు ఇవి. జాక్ వైపు ముక్కలో ఎరుపు 8 మి.మీ., ఆకుపచ్చ 14, చారలది 20, రాగి రంగుది 26. బడ్‌ల వైపు ముక్కలో సరిగ్గా తలకిందులు: ఎరుపు 26, ఆకుపచ్చ 20, చారలది 14, రాగి రంగుది 8. ఏ రంగు తీసుకున్నా రెండూ కలిపితే 34. అందుకే అతికించాక నాలుగూ ఒకే పొడవులో ఉంటాయి, ఒకటి బిగుసుకుని ఇంకొకటి వదులుగా ఉండదు. కొలత సరిగ్గా ఇంతే ఉండాలని లేదు, మొత్తం సమానంగా వచ్చి అతుకులు ఆరేడు మిల్లీమీటర్ల ఎడంలో పడితే చాలు. సన్న స్లీవులు ప్రతి రంగులోనూ పొడవుగా ఉన్న తీగకి ఎక్కించి, రబ్బరు మొదలు దాకా జరిపి ఉంచండి. చివరకి దగ్గరగా ఉంటే ఐరన్ వేడికి అక్కడే బిగుసుకుపోతాయి.

పూత తీసి కళాయి వేయడం

ఇక్కడ తొందరపడకండి. ఒక్కో తీగ చివర పోగులన్నీ ఒకే దిక్కుగా వేళ్లతో మెలేసి దారంలా చేయండి. అగ్గిపుల్లతోనో చీపురు పుల్లతోనో ఫ్లక్స్ కొంచెం తీసి చివరి ఐదు మిల్లీమీటర్లకి పూయండి. ఐరన్ మొనని తుడిచి, దాని పలక మీద సోల్డర్ బొట్టు ఒకటి కరిగించండి, ఆవగింజ కంటే కాస్త పెద్దది. ఆ బొట్టులోకి తీగ చివరని దూర్చి అలాగే పట్టుకోండి.

మొదటి రెండు సెకన్లు ఏమీ జరగదు, బొట్టు తీగని తోసేస్తున్నట్టు ఉంటుంది. తీసేయకండి. కొద్దిగా పొగ వస్తుంది, కాలిన వాసన వస్తుంది, రంగు నల్లబడుతుంది, అప్పుడు కత్తిరించిన కొన నుంచి వెండి రంగు మెల్లగా పైకి పాకడం కనిపిస్తుంది. కొన దగ్గరే ఎందుకు మొదలవుతుందంటే కోసిన చోట రాగి తెరుచుకుని ఉంటుంది, సోల్డర్‌కి మొదట దొరికేది అదే. వెండి రంగు ముందుకు పాకే కొద్దీ తీగని మెల్లగా లోపలికి నెట్టండి. నాలుగైదు సెకన్లలో ఐదు మిల్లీమీటర్లూ వెండి రంగులోకి వస్తాయి. పట్టకపోతే మొన తుడిచి, కొత్త బొట్టు, కొత్త ఫ్లక్స్‌తో మళ్లీ. మాడిన ఎనామిల్ తేలుతున్న పాత బొట్టుతో రెండోసారి ప్రయత్నించకండి, ఆ చెత్తే అడ్డుపడుతుంది.

ఆ పొగ మంచిది కాదు. ఎనామిల్ చాలావరకు పాలీయురేథేన్, కాలితే వచ్చేది ఊపిరితిత్తులకి చెడ్డది. కిటికీ పక్కన కూర్చోండి, ముఖం బొట్టు మీద వంచకండి. సీలింగ్ ఫ్యాన్ ఫుల్‌లో పెడితే మాత్రం మొన చల్లబడుతుంది, చిన్న టేబుల్ ఫ్యాన్‌ని పొగ పక్కకి పోయేలా దూరంగా పెట్టడం నయం.

లైటర్‌తో కాల్చేస్తే పోతుందిగా అంటారు. పోతుంది, దానితో పాటు రాగి కూడా నల్లగా మాడి పెళుసవుతుంది, వంచితే విరుగుతుంది. సాండ్ పేపరుతో రుద్దితే పైనున్న పోగులు తెగుతాయి, లోపలివాటికి పూత అలాగే ఉంటుంది. తలనొప్పి మాత్ర మీద పెట్టి ఐరన్ అదమడం అని ఒక పాత చిట్కా ఉంది, యాస్పిరిన్‌తో పూత పోవడం నిజమే, కానీ ఆ పొగ కళ్లూ గొంతూ మండించేస్తుంది, మిగిలిన యాసిడ్ తీగని తింటుంది. బొట్టు పద్ధతి ఉండగా వీటితో పని లేదు.

ఎనిమిది చివర్లకీ కళాయి వేశాక ఒకసారి మీటర్ పెట్టి చూడండి. జాక్ వైపు ముక్కలో ప్రతి తీగకీ జాక్ మీది దాని భాగానికీ మధ్య ఒక ఓమ్, ఆ చుట్టుపక్కల రావాలి. బడ్‌ల వైపు ముక్కలో ఎరుపుకీ రాగి రంగుకీ మధ్య పదహారో, పదిహేడో రావాలి. మా వాడి దాంట్లో ఎరుపుకి 16.8 వచ్చింది, ఆకుపచ్చకి మొదట ఏమీ రాలేదు, రెండోసారి కళాయి వేశాక 16.9 వచ్చింది. అంటే మొదటిసారి సోల్డర్ పైన తొడుగులా కూర్చుంది తప్ప రాగిని తాకలేదు. కంటికి రెండూ ఒకేలా కనిపించాయి.

అతికించడం

ఇది నిజంగా తేలిక. ఒకే రంగు రెండు చివర్లని ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఐదు మిల్లీమీటర్లు ఆనించి పెట్టండి. మెలేయక్కర్లేదు, మెలేస్తే లావు అవుతుంది, స్లీవు ఎక్కదు. పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి కదా, బట్టల క్లిప్పులు రెండు టేబుల్‌కి టేపుతో అంటించి వాటిలో వైర్లు బిగిస్తే సరిపోతుంది. పైన ఫ్లక్స్ చుక్క పెట్టి, మొన మీద చాలా కొద్దిగా సోల్డర్ తీసుకుని, కింద నుంచి ఒక సెకను తాకించండి. రెండు తీగల మీదున్న సోల్డర్ కరిగి ఒకటైపోతుంది. ఐరన్ తీసేశాక రెండు మూడు సెకన్లు కదపకండి, ఊదకండి.

మంచి అతుకు నున్నగా ఉంటుంది, లోపల పోగుల గీతలు లీలగా కనిపిస్తాయి. ఉండలా ఉబ్బి, మసకగా, గరుకుగా ఉంటే లోపల సరిగ్గా పట్టలేదు. ఫ్లక్స్ పెట్టి మళ్లీ వేడి చేయండి. సీసం లేని సోల్డర్ వాడినవాళ్లు మాత్రం మసకని చూసి టెన్షన్ పడకండి, అది సహజంగానే అంతే ఉంటుంది. సోల్డర్ ఎక్కువ వేస్తే బలం వస్తుందనుకోవద్దు. అతుకు ఎంత పొడవు గట్టిపడితే అంత పొడవు వంగదు, తర్వాత తెగేది సరిగ్గా అది అయిపోయే అంచు దగ్గరే. అందుకే ఐదు మిల్లీమీటర్లు అన్నాను.

స్లీవులు బిగించకముందే పాట పెట్టి వినండి. ముందు మీటర్‌తో ఏ రెండు తీగలూ షార్ట్ కాలేదని చూసుకుని, అప్పుడు ఫోనుకి పెట్టండి. వినపడేదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మ్యూజిక్ వస్తోంది కానీ గాయకుడి గొంతు దాదాపు మాయమైందా? గ్రౌండు అతుకు పట్టలేదు. గ్రౌండు లేకపోతే రెండు బడ్‌లూ వరసలో పడి ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది, గొంతు రెండిట్లో సమానంగా ఉంటుంది కాబట్టి అది కొట్టుకుపోతుంది. రెండు చెవుల్లో ఒకటే సౌండు వస్తూ స్టీరియో పోతే ఎరుపూ ఆకుపచ్చా ఎక్కడో తగులుతున్నాయి. పాట దానంతట అదే ఆగుతూ మొదలవుతూ ఉంటే మైకు తీగ గ్రౌండుకి తగులుతోంది, ఎందుకంటే వైరు మీది బటన్ చేసే పని అదే, నొక్కితే మైకునీ గ్రౌండునీ కలుపుతుంది, ఫోను మీరు బటన్ నొక్కారనుకుంటోంది. చీలిన తర్వాతి భాగంలో, బడ్‌కి వెళ్లే రెండు తీగల్ని అతికించేవాళ్లకి ఇంకో తిప్పలుంది: అక్కడ రెండూ తారుమారైతే సౌండు వస్తుంది కానీ బేస్ పోయి పాట తల చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది.

అన్నీ సరిగ్గా ఉంటే అతుకుల మీద మిగిలిన ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిచి ఆరనివ్వండి. సన్న స్లీవులని అతుకు మధ్యకి జరిపి, ఐరన్ మొన కాకుండా పక్క భాగాన్ని దగ్గరగా తిప్పితే బిగుసుకుంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో చాలాసార్లు పని కాదు, అంత వేడి రాదు. లైటర్ వాడితే మంటకి రెండు వేళ్ల పైన, ఆపకుండా కదుపుతూ ఉండాలి.

ఇప్పుడు ఆ తెల్ల దారాలు. విడి కట్టగా ఉంటే రెండు పక్కల దారాల్నీ రాగి తీగల కంటే కాస్త బిగుతుగా ఉండేలా ముడి వేయండి. వైరు లాగినప్పుడు ఆ బలం ముడి మీద పడుతుంది, అతుకుల మీద పడదు. అందరూ వదిలేసేది ఇదే, అతికించిన వైరు వారానికే మళ్లీ తెగడానికి సగం కారణం కూడా ఇదే. దారాలు లేకపోతే పెద్ద స్లీవు రెండు వైపులా రబ్బరు మీదికి సెంటీమీటరు చొప్పున పట్టి ఉండేలా చూసుకోండి. ఫెవిక్విక్ లాంటి జిగురు లోపల పోయకండి, గట్టిపడి దాని అంచు దగ్గర వైరు పుటుక్కుమంటుంది. చివరగా పెద్ద స్లీవు జరిపి మధ్య నుంచి చివరలకి వేడి చేయండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సోల్డర్‌లో ఉన్నది సీసం.

మా వాడి ఇయర్‌ఫోన్‌కి మొత్తం గంటంబావు పట్టింది, అందులో ముప్పావు గంట కళాయికే. చివరి అంకెలు కుడి 17.6, ఎడమ 17.8. అది ఎనిమిది నెలలు పనిచేసింది. మొన్న మళ్లీ తెచ్చాడు, ఈసారి జాక్ మొదట్లో తెగింది. అతుకు మాత్రం అలాగే ఉంది.